అగ్ని చుట్టూనా, గ్రంథం చుట్టూనా: సింగ్ సభలు సిక్కు ధర్మానికి గీసిన సరిహద్దు

2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, సిక్కుల ఆనంద్ వివాహాల నమోదుకు ఇంకా నియమాలు రూపొందించని రాష్ట్రాలూ కేంద్రపాలిత ప్రాంతాలూ నాలుగు నెలల్లోగా ఆ పని పూర్తి చేయాలని ఆదేశించింది. వార్త చదివిన చాలామందికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. సిక్కులకు హిందూ వివాహ చట్టం వర్తిస్తుంది కదా, మళ్లీ ఈ ఆనంద్ వివాహ చట్టం ఏమిటి? ఆ చట్టం 1909 నాటిది, అయిదే సెక్షన్లు ఉన్న చిన్న చట్టం. దాని వెనుక మాత్రం ముప్పై ఆరేళ్ల వాదోపవాదాలు ఉన్నాయి. అవి జరిగింది పంజాబ్‌లో, సింగ్ సభలు అనే సంఘాల ద్వారా. సిక్కులు హిందువుల్లో ఒక శాఖా, లేక వేరే మతస్థులా అన్న ప్రశ్న అంతకుముందు ఎవరికీ తట్టలేదని కాదు. దానికి ఒక్కటే జవాబు ఉండాలనీ, అది కాగితం మీద రాసి ఉండాలనీ పట్టుబట్టిన కాలం మాత్రం అదే.

ఈ వ్యాసం ఆ పట్టుదలను ఎక్కువగా పెళ్లి తంతు వైపు నుంచి చూస్తుంది. తత్త్వ చర్చలో రెండు పక్షాలకూ కావలసినన్ని శ్లోకాలు దొరుకుతాయి. పెళ్లిలో వధూవరులు దేని చుట్టూ తిరగాలి, ఎవరు ఏమి చదవాలి అన్న చోట మాత్రం ఏదో ఒక నిర్ణయం తీసుకోక తప్పదు.

ముందుగా కొన్ని పదాలు

పంతొమ్మిదో శతాబ్దపు పంజాబ్‌లో ‘సిక్కు’ అనే మాట కింద రకరకాల వాళ్లు ఉండేవారు. 1699లో గురు గోవింద్ సింగ్ స్థాపించిన ఖాల్సా అనే సంఘంలో దీక్ష తీసుకుని, జుట్టు కత్తిరించుకోకుండా ఉండేవారు కేశధారులు. దీక్ష తీసుకోకుండా, జుట్టు నియమం పాటించకుండా గురువుల వాణిని నమ్మేవారు సహజధారులు. వీరు కాక ఉదాసీలు, నిర్మలులు అనే సాధు సంప్రదాయాలు ఉండేవి. చాలా గురుద్వారాల నిర్వహణ ఉదాసీ మహంతుల చేతుల్లో ఉండేది. గురువుల వంశాల్లో పుట్టిన బేదీలు, సోఢీలు కూడా గురువులకు చేసినట్టే పాదాభివందనాలు అందుకునేవారు.

ఒకే ఇంట్లో పెద్దకొడుకు కేశధారి, రెండోవాడు మామూలు హిందువు అయిన కుటుంబాలు ఉండేవి, ముఖ్యంగా ఖత్రీలనే వ్యాపార కులంలో. వీళ్ల మధ్య పెళ్లి సంబంధాలు నడిచేవి. పుట్టుకకు, పెళ్లికి, చావుకు బ్రాహ్మణ పురోహితుడే వచ్చేవాడు. ఇంట్లో గురువాణి పఠనమూ ఉండేది, తద్దినమూ ఉండేది.

ఈ స్థితిని సమర్థించి, సిక్కు ధర్మం విశాలమైన సనాతన ధర్మంలో ఒక పాయ అన్నవారిని చరిత్రకారులు సనాతన సిక్కులు అంటారు. అది వేరే ధర్మం, కలిసిపోయిన ఆచారాలను ఏరివేయాలి అన్నవారిని తత్ ఖాల్సా అంటారు. ‘తత్’ అంటే అసలైన, కల్తీ లేని అని అర్థం. ఈ రెండు పక్షాలూ సింగ్ సభల లోపలివే. అందుకే దీన్ని సిక్కులకూ హిందువులకూ జరిగిన తగాదాగా చెబితే కథ సగమే అవుతుంది.

అమృత్‌సర్, 1873: భయం ఎటువైపు నుంచి

సిక్కు రాజ్యం 1849లో బ్రిటిష్ వారి వశమైంది. ఆ తరువాత రెండు దశాబ్దాల్లో పంజాబ్ పట్టణాల్లో మిషన్ బడులు, అచ్చు యంత్రాలు, కోర్టులు వచ్చాయి. 1873లో అమృత్‌సర్ మిషన్ స్కూల్లో చదువుతున్న నలుగురు సిక్కు విద్యార్థులు క్రైస్తవంలోకి మారుతున్నామని ప్రకటించారు. నలుగురే కావచ్చు, కానీ స్వర్ణ దేవాలయం ఉన్న ఊళ్లో, మంచి కుటుంబాల పిల్లలు. దాదాపు అదే సమయంలో శ్రద్ధారామ్ ఫిల్లౌరీ అనే హిందూ పండితుడు అమృత్‌సర్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో గురువుల గురించి తేలికగా మాట్లాడాడన్న ఆగ్రహమూ తోడైంది. ఆ ఏడాదే ఠాకుర్ సింగ్ సంధావాలియా అధ్యక్షుడిగా మొదటి సింగ్ సభ ఏర్పడింది.

ఆ సభ సభ్యుల్లో జమీందారులు, మహంతులు, జ్ఞానులు, గురు వంశీకులు ఉన్నారు. గురుముఖీలో పుస్తకాలు అచ్చువేయడం, గురువాణి సరైన పాఠాలను నిలపడం, చదువు వ్యాప్తి చేయడం వారి పని. ప్రభుత్వ వ్యవహారాల జోలికి పోకూడదనీ, ఇతర మతాలను విమర్శించకూడదనీ నియమం పెట్టుకున్నారు. ‘మేము హిందువులం కాము’ అన్న మాట ఈ సభ ఎజెండాలో లేదు. అప్పటి ఆందోళనంతా పిల్లలు చేజారిపోతున్నారన్నది.

లాహోర్ పక్షం, ఒక దిండు తగాదా

1879లో లాహోర్‌లో రెండో సింగ్ సభ మొదలైంది. దాన్ని నడిపినవారు వేరే రకం మనుషులు. ఓరియంటల్ కాలేజీలో పంజాబీ బోధించే గురుముఖ్ సింగ్ తండ్రి కపూర్తలా రాజు వంటశాలలో పనిచేసినవాడు. జ్ఞానీ దిత్ సింగ్ అప్పట్లో అంటరానివిగా చూసిన కులంలో పుట్టినవాడు. వంశం వల్ల వచ్చిన గౌరవం వీరికి లేదు, చదువు వల్ల వచ్చినది ఉంది. కుల భేదం గురువుల బోధకు విరుద్ధమని వీరు గట్టిగా వాదించడానికి సిద్ధాంతం ఒక్కటే కారణం కాదని నా అభిప్రాయం. సొంత అనుభవం కూడా అందులో పనిచేసింది.

రెండు సభలను కలిపే ప్రయత్నంగా 1883లో ఖాల్సా దీవాన్ అనే ఉమ్మడి సంఘం ఏర్పడింది. అది నిలవలేదు. విభేదం ఎక్కడ తేలిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది: ఒక దిండు దగ్గర. అమృత్‌సర్ పక్షానికి పెద్దదిక్కు అయిన బాబా ఖేమ్ సింగ్ బేదీ గురు నానక్ వంశీకుడు, బ్రిటిష్ ప్రభుత్వం దగ్గరా పలుకుబడి ఉన్నవాడు. గురుగ్రంథ్ సాహిబ్ సమక్షంలో ఆయనకు ప్రత్యేకంగా మెత్త, దిండు వేసేవారు. పదో గురువు తరువాత గ్రంథమే గురువు అయినప్పుడు, దాని ఎదుట మరొక మనిషికి ఎత్తైన ఆసనం ఎలా వేస్తారని లాహోర్ వారు అడిగారు. వంశం ద్వారా గౌరవం వస్తుందని ఒప్పుకుంటే కులమూ ఒప్పుకోవలసి వస్తుంది, పురోహితుణ్ణీ ఒప్పుకోవలసి వస్తుంది. ఆ దిండు మీద ఇంత తర్కం ఆధారపడి ఉంది.

1886లో లాహోర్ వారు వేరే దీవాన్ పెట్టుకున్నారు, ‘ఖాల్సా అఖ్బార్’ పత్రికను నడిపారు. 1887లో సిక్కుల అత్యున్నత మతపీఠమైన అకాల్ తఖ్త్ నుంచి గురుముఖ్ సింగ్‌ను వెలివేస్తూ హుకుంనామా అనే ఆజ్ఞాపత్రం వెలువడింది. దిత్ సింగ్ అదే ఏడాది ప్రత్యర్థులను ఎత్తిపొడుస్తూ ‘స్వప్న నాటకం’ ప్రచురిస్తే, బేదీ కుటుంబీకుడొకరు పరువునష్టం కేసు వేశారు. గురుముఖ్ సింగ్ మీద ఉన్న వెలి ఎత్తివేయడానికి నూట ఎనిమిదేళ్లు పట్టింది, అది జరిగింది 1995లో. అంటే ఈ రోజు సిక్కు ధర్మపు ప్రధాన రూపంగా కనిపించేదాన్ని తీర్చిదిద్దినవారిలో ఒకడు చనిపోయేనాటికి వెలిలోనే ఉన్నాడు.

ఆర్యసమాజం: స్నేహం నుంచి తెగతెంపుల దాకా

దయానంద సరస్వతి 1877లో పంజాబ్ వచ్చినప్పుడు లాహోర్‌లో ఆయన చుట్టూ చేరినవారిలో సిక్కు యువకులు కూడా ఉన్నారు. ఇందులో వింత ఏమీ లేదు. విగ్రహారాధన వద్దు, పుట్టుకను బట్టి కులం వద్దు, పురోహితుల పెత్తనం వద్దు అని ఆయన చెప్పిన మాటలు గురువాణి చదివినవారికి కొత్తవి కావు. జవాహిర్ సింగ్ అనే ఆయన లాహోర్ ఆర్యసమాజంలో ముఖ్యమైన బాధ్యతలే నిర్వహించాడు. దిత్ సింగ్ కూడా కొంతకాలం ఆ వైపు ఉన్నాడు.

అయితే ‘సత్యార్థ ప్రకాశ్’లో గురు నానక్ గురించి, ఆయనకు సంస్కృతం రాదని, వేదజ్ఞానం లేదని తీసిపారేసే మాటలు ఉన్నాయి. 1888 నవంబరులో లాహోర్ ఆర్యసమాజ వార్షికోత్సవంలో కొందరు వక్తలు గురువులను కించపరుస్తూ మాట్లాడారు. జవాహిర్ సింగ్, దిత్ సింగ్ సమాజంతో తెగతెంపులు చేసుకుని సింగ్ సభ పనికే అంకితమయ్యారు.

ఇక్కడ జాగ్రత్తగా చూడవలసిన విషయం ఉంది. సనాతన హిందువుతో సిక్కు సంస్కర్తకు భేదం చెప్పడం తేలిక, ఎందుకంటే విగ్రహాలు, తీర్థాలు, శ్రాద్ధాలు కళ్లముందు ఉంటాయి. ఆర్యసమాజి వాటినన్నిటినీ వదిలేశాడు. అతనికీ తత్ ఖాల్సాకూ మిగిలిన తేడా ప్రధానంగా ఒక్కటే: పరమ ప్రమాణం వేదమా, గురుగ్రంథ్ సాహిబా? అందువల్ల పోలికలు ఎక్కువైనకొద్దీ గీత గట్టిగా గీయవలసి వచ్చింది.

1900లో ఈ పోటీ వీధికెక్కింది. రహతియాలు అనే, తక్కువగా చూడబడిన సిక్కు నేతపనివారిని రెండు వందల మంది వరకు లాహోర్‌లో ఆర్యసమాజం ‘శుద్ధి’ చేసింది. అందులో భాగంగా అందరి ఎదుట వారి జుట్టు, గడ్డాలు తీయించారు. తోటి సిక్కులు తమను బావుల దగ్గరికి, పంక్తి భోజనాలకు రానివ్వకపోవడమే వారు అటు వెళ్లడానికి మూలం. సింగ్ సభల పత్రికల్లో ఆగ్రహం పెల్లుబికింది. దిత్ సింగ్ వంటివారు ఏళ్లుగా చెబుతున్న కుల విమర్శకు అప్పుడు కొత్త బలం వచ్చింది.

‘హమ్ హిందూ నహీఁ’ వాదన ఎలా సాగుతుంది

నాభా సంస్థానంలో ఉన్నతోద్యోగి అయిన కాన్ సింగ్ 1898 ప్రాంతంలో రాసిన ఈ చిన్న పుస్తకం పేరు చాలామంది విన్నారు, చదివినవారు తక్కువ. పేరు చూసి అది తిట్ల పుస్తకం అనుకుంటారు. అది ఒక సంభాషణ. హిందువు ప్రశ్నలు వేస్తాడు, సిక్కు జవాబులు చెబుతాడు. వేదాలు, కులం, అవతారాలు, విగ్రహాలు, సంధ్యావందనం, శ్రాద్ధం, ముహూర్తాలు, హోమం ఇలా అంశాలవారీగా వెళుతుంది. ప్రతి చోటా గురుగ్రంథం నుంచి, భాయీ గురుదాస్ రచనల నుంచి, రహిత్‌నామాలనే ఆచార నియమాల గ్రంథాల నుంచి వాక్యాలు చూపుతుంది.

ఉదాహరణకు జంధ్యం తీసుకుందాం. నూలుదారం తెగుతుంది, మాస్తుంది, కాలిపోతుంది, మనిషితో పాటు రాదు, దయ అనే పత్తితో సంతోషం అనే నూలు వడికి, సత్యంతో పేనిన జంధ్యం ఉంటే వేయమని గురు నానక్ అడిగే పద్యం గురుగ్రంథంలో ఉంది. ‘సిక్కులు హిందువులే’ అనేవారు దీన్ని ఉపనయనం అంతరార్థం చెప్పే పద్యంగా చదువుతారు. ఇలాంటి మాటలు మన వేమన దగ్గర నుంచి కబీరు దాకా ఎందరో చెప్పారు, వారెవరూ వేరే మతం పెట్టలేదు కదా అంటారు. కాన్ సింగ్ పక్షం దీన్ని తిరస్కారంగా చదువుతుంది. వేమన వెనుక దీక్ష, గురుపరంపర, సొంత లిపి, లంగర్ అనే ఉమ్మడి భోజనశాల, ప్రత్యేక నియమావళి ఉన్న సమాజం లేదు, నానక్ వెనుక ఉంది అన్నది వారి జవాబు సారం. ఒకే పద్యం, రెండు చదువులు. తేడా పద్యంలో లేదు, దాని చుట్టూ ఉన్న సంస్థల్లో ఉంది.

ఎదుటి పక్షం వాదనలు బలహీనమైనవేమీ కావు. గురుగ్రంథంలో రామ, హరి, గోవింద నామాలు అడుగడుగునా ఉన్నాయి. గురు గోవింద్ సింగ్ పేరుతో ఉన్న దశమ గ్రంథంలో చండీ కథ ఉంది, అవతార కథలు ఉన్నాయి. 1899లో ఠాకుర్ దాస్, బావా నారాయణ్ సింగ్‌ల వైపు నుంచి ‘సిక్కులు హిందువులే’ అని జవాబు పుస్తకం కూడా వచ్చింది. కాన్ సింగ్ పక్షం మాత్రం గురుగ్రంథంలోని ‘న హమ్ హిందూ న ముసల్మాన్’ అన్న పంక్తిని ముందుకు తెచ్చింది. ఆ పంక్తిలోనూ చిక్కు లేకపోలేదు. రెండింటినీ దాటిన భక్తుడి మాటగా దాన్ని చదవవచ్చు, మూడో మతం ఉందనే ప్రకటనగానూ చదవవచ్చు.

పెళ్లి పందిట్లో ఏమి మారింది

ఇప్పుడు ఒక పెళ్లిని దగ్గరగా చూద్దాం. పాత పద్ధతిలో పురోహితుడు ముహూర్తం పెడతాడు, వేదిలో హోమం చేస్తాడు, సంస్కృత మంత్రాలు చదువుతాడు, వధూవరులు అగ్ని చుట్టూ తిరుగుతారు. ఆనంద్ పద్ధతిలో మధ్యలో గురుగ్రంథ్ సాహిబ్ ఉంటుంది. వరుడి భుజం మీది వస్త్రం కొసను వధువు చేతికి ఇస్తారు. నాలుగో గురువు రామ్‌దాస్ రాసిన నాలుగు చరణాలను, అంటే లావాఁలను, గ్రంథ పఠనం చేసే గ్రంథీ ఒక్కొక్కటిగా చదువుతాడు. రాగీలనే గాయకులు అదే చరణాన్ని పాడుతుండగా జంట గ్రంథం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వచ్చి తల వంచి మొక్కుతారు. ఇలా నాలుగుసార్లు. జాతకాలు లేవు, అగ్ని లేదు.

ఈ పద్ధతిని సింగ్ సభలు కనిపెట్టలేదు. రావల్పిండిలోని నిరంకారీలనే సిక్కు సంస్కరణ శాఖవారు బాబా దర్బారా సింగ్ నాయకత్వంలో 1855 నాటికే గ్రంథం ఎదుట పెళ్లిళ్లు జరిపించారు. బాబా రామ్ సింగ్ నడిపిన నామధారీలనే మరో శాఖవారు కూడా 1863 నుంచి బ్రాహ్మణ పురోహితుడు లేకుండా, లావాఁలు చదివి పెళ్లి చేసేవారు, కానీ అగ్ని చుట్టూ తిరిగేవారు. ఈనాటికీ వారి పద్ధతి అదే. అంటే పురోహితుణ్ణి వదలడం, అగ్నిని వదలడం రెండూ ఒకటే కావు. తత్ ఖాల్సా రెండింటినీ కలిపి వదిలింది, దాన్నే అందరు సిక్కులకూ ఏకైక పద్ధతిగా చెప్పింది.

మొదటి లావాఁలోనే ‘వాణీ బ్రహ్మ వేద్’ అనే మాటలు వస్తాయి. బ్రహ్మను, వేదాన్ని తలచుకోమని పాట చెబుతోందని ఒకరు చదవవచ్చు. గురువాణినే నీ బ్రహ్మగా, నీ వేదంగా భావించమని చెబుతోందని ఇంకొకరు చదవవచ్చు. సిక్కు వ్యాఖ్యాతల్లో ఇప్పుడు రెండోదే నిలిచింది.

ఈ మార్పుకు చట్టం ఎందుకు కావలసి వచ్చిందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. 1895లో ఒక గ్రామంలో ఆనంద్ పద్ధతిలో పెళ్లి జరిగిందనుకోండి. పదేళ్లకు భర్త చనిపోయాడు. మరిది కోర్టుకెక్కి, హోమం లేదు, ప్రదక్షిణ అగ్ని చుట్టూ జరగలేదు, హిందూ ధర్మశాస్త్రం ప్రకారం ఇది పెళ్లే కాదు, కనుక భూమి నాది అన్నాడు. తమది ఎప్పటినుంచో వస్తున్న ఆచారమని నిరూపించుకునే భారం ఆ వితంతువు మీద పడుతుంది. కొత్తగా వ్యాపిస్తున్న పద్ధతికి ప్రాచీన ఆచారమని సాక్ష్యం తేవడం కష్టం. చెల్లుబాటు మీద ఈ అనుమానం ఉన్నంతకాలం ఏ తండ్రీ ధైర్యంగా తన కూతురికి ఈ పద్ధతిలో పెళ్లి చేయడు.

నాభా యువరాజు రిపుదమన్ సింగ్ 1908 అక్టోబరులో ఇంపీరియల్ లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో బిల్లు పెట్టాడు. 1902లో ఏర్పడిన చీఫ్ ఖాల్సా దీవాన్ ఊరూరా సమ్మతి పత్రాలు సేకరించి పంపింది. వ్యతిరేకత కూడా వచ్చింది. కొత్త చట్టం తెస్తే అంతకుముందు జరిగిన పెళ్లిళ్ల మీద అనుమానం పడుతుందని కొందరు సిక్కులే భయపడ్డారు, సమాజం చీలుతుందని మరికొందరు బాధపడ్డారు. తరువాత సుందర్ సింగ్ మజీఠియా బిల్లును ముందుకు నడపగా, 1909 అక్టోబరు 22న అది చట్టమైంది.

చట్టం చెప్పింది ఇంతే: ఆనంద్ పద్ధతిలో జరిగిన పెళ్లి, జరిగిన రోజు నుంచే చెల్లుతుంది. గతంలో జరిగినవాటికి కూడా ఇది వర్తిస్తుంది కనుక ఆ మొదటి భయం తీరింది. వేరే పద్ధతిలో చేసుకున్న సిక్కుల పెళ్లిళ్లకు దీనివల్ల ఏ భంగమూ లేదని కూడా రాశారు. అంటే అగ్ని చుట్టూ తిరిగిన సిక్కు జంట పెళ్లి కూడా చెల్లుతుంది. సంస్కర్తలు కోరిన ఏకైక పద్ధతిని చట్టం ఇవ్వలేదు, తమ పద్ధతికి రక్షణ మాత్రం ఇచ్చింది. పెళ్లి నమోదు ఏర్పాటు అందులో లేదు. అది 2012 సవరణతో వచ్చింది, దాని నియమాల గురించే ఇప్పటి సుప్రీంకోర్టు ఆదేశం.

కోర్టు ఒకలా, దేవాలయం ఒకలా

ఇదే కాలంలో న్యాయస్థానం వేరే దారిలో వెళ్లింది. ‘ట్రిబ్యూన్’ పత్రిక స్థాపకుడు సర్దార్ దయాళ్ సింగ్ మజీఠియా 1898లో చనిపోతూ, తన ఆస్తిలో ఎక్కువ భాగం పత్రికకు, కాలేజీకి, గ్రంథాలయానికి ట్రస్టుగా రాశాడు. ఆయన భార్య భగవాన్ కౌర్ ఆ వీలునామాను సవాలు చేసింది. ఆయన సిక్కుగా పుట్టి, బ్రహ్మసమాజం వైపు మొగ్గినవాడు. వీలునామాలకు సంబంధించిన 1881 నాటి చట్టం దృష్టిలో ఆయన హిందువు అవునా కాదా అన్నది కేసులో ముఖ్యమైన ప్రశ్న అయింది. 1903లో లండన్‌లోని అత్యున్నత అప్పీలు న్యాయస్థానం ప్రీవీ కౌన్సిల్ అవుననే తేల్చింది. ఆ చట్టంలో ‘హిందువు’ అన్న మాట సిక్కులను కూడా కలుపుకుంటుందనీ, బ్రహ్మసమాజంలో చేరినంత మాత్రాన ఆ పరిధి దాటిపోరనీ చెప్పింది. ఇది ఆస్తి చట్టంలో ఒక పదానికి అర్థం చెప్పిన తీర్పు, మతతత్త్వం మీద తీర్పు కాదు. కానీ ‘మీరు హిందువులని కోర్టే చెప్పింది’ అనే మాట బజారులోకి రావడానికి ఆ తేడా అడ్డురాలేదు.

దేవాలయంలో గీత మరింత స్పష్టంగా పడింది. అమృత్‌సర్ హర్‌మందిర్ సాహిబ్ కొలను చుట్టూ ఉన్న పరిక్రమ మార్గంలో బ్రాహ్మణులు విగ్రహాలు పెట్టుకుని కూర్చునేవారు, యాత్రికులు అక్కడ కూడా దక్షిణలు ఇచ్చేవారు. 1905 మే నెలలో, ప్రభుత్వం నియమించిన నిర్వాహకుడు అరూర్ సింగ్ వాటిని తీయించాడు. ఇది తరతరాల అలవాటని హిందువులు, కొందరు సిక్కులు నిరసన తెలిపారు. అలవాటు ఎంత పాతదైనా గురువుల ఆజ్ఞ కాదని సంస్కర్తలు అన్నారు. విగ్రహాలు తిరిగి రాలేదు. అక్కడ తరతరాలుగా మొక్కుకున్న ఒక సామాన్య భక్తురాలి దృష్టిలో ఆ రోజు ఏమై ఉంటుందో కూడా ఆలోచించాలి. ఆమెకు అది శుద్ధి కాదు, తన క్షేత్రంలో ఒక భాగం మాయమవడం.

జనాభా లెక్కల్లో కనిపించిన మార్పు

పంజాబ్‌లో సిక్కుల సంఖ్య 1901లో దాదాపు 21 లక్షలు, 1911లో దాదాపు 28.8 లక్షలు. పదేళ్లలో ముప్పై ఏడు శాతం పెరుగుదల. ప్లేగు, మలేరియాల వల్ల ఆ దశాబ్దంలో మొత్తం పంజాబ్ జనాభా కొద్దిగా తగ్గింది కూడా. కనుక ఇది జననాల లెక్క కాదు. 1901లో కేశధారులనే సిక్కులుగా రాయాలన్న నియమం ఉండగా, 1911లో తాను సిక్కునని చెప్పినవారిని అలాగే రాశారు. దీన్నిబట్టి పెరుగుదలంతా సింగ్ సభల ప్రచార ఫలితమని చెప్పలేము, అంతా లెక్కింపు నియమం మాయ అనీ చెప్పలేము. మతం ఏమిటని అడిగినప్పుడు ఒక్క మాటలో జవాబు చెప్పాలనే అవసరం మాత్రం లెక్కలు రాసేవారి ద్వారా ప్రతి గడపకూ చేరింది.

చరిత్రకారులు ఎక్కడ విడిపోతారు

1994లో హర్జోత్ ఓబెరాయ్ ప్రచురించిన పరిశోధన ఈ చర్చను కొత్త దారి పట్టించింది. పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం సిక్కు, హిందూ అనే గుర్తింపులు ఒకదానిలో ఒకటి కలిసే ఉన్నాయనీ, పీర్ల దర్గాలకు, దేవతల గుళ్లకు వెళ్లడం సిక్కుల్లో మామూలనీ, తత్ ఖాల్సా ఆ బహుళత్వాన్ని తుడిచి ఏకరూపాన్ని నిలిపిందనీ ఆయన వాదించాడు. దీన్ని చాలామంది సిక్కు పండితులు తీవ్రంగా ఖండించారు. ఖాల్సా దీక్ష, రహిత్‌నామాలు పద్దెనిమిదో శతాబ్దం నుంచే ప్రత్యేకతను చెబుతున్నాయి కదా, సింగ్ సభలు మరుగునపడినదాన్ని వెలికితీశాయి తప్ప కొత్తగా తయారు చేయలేదు అన్నది వారి మాట.

బ్రిటిష్ వారి పాత్ర మరో మెలిక. సైన్యంలో సిక్కు రెజిమెంట్లలో చేరినవారికి ఖాల్సా దీక్ష, కేశాలు తప్పనిసరి చేశారు. బ్రిటిష్ వారికి కావలసింది తేలికగా గుర్తుపట్టగల ‘వీరజాతి’. దీనివల్ల కేశధారి రూపానికి ఉద్యోగం, పింఛను తోడయ్యాయి. అయినా విభజించి పాలించే ఎత్తుగడగా మొత్తం ఉద్యమాన్ని చూడటం సరి కాదని నా అభిప్రాయం. దిత్ సింగ్ కుల విమర్శను, నిరంకారీల 1855 నాటి పెళ్లిని సైనిక నియమాలు వివరించలేవు.

ఓబెరాయ్ చెప్పిన పాత బహుళత్వం ఎలా ఉండేదో ఊహించుకోవడానికి తెలుగువారు పంజాబ్ దాకా పోనక్కరలేదు. గురు గోవింద్ సింగ్ చివరి రోజులు గడిపిన నాందేడ్ ఒకప్పుడు నిజాం రాజ్యంలోది. 1832లో రంజిత్ సింగ్ పంపిన సేనల వారసులుగా చెప్పుకునే దక్కనీ సిక్కులు హైదరాబాద్‌లో ఇప్పటికీ ఉన్నారు. నాందేడ్ తఖ్త్‌లో దీపాలతో హారతి ఇస్తారు, గురుగ్రంథంతో పాటు దశమ గ్రంథాన్ని కూడా తెరిచి ఉంచుతారు, ఆయుధాలకు చందనం పూస్తారు. అమృత్‌సర్ నియమావళి ప్రకారం చూస్తే ఇవి సందేహాస్పదమైన ఆచారాలు. అక్కడివారికి ఇవే అసలైన పాత ఖాల్సా మర్యాద.

సిక్కు అంటే ఎవరు?

1909 చట్టంలో ఒక ఖాళీ ఉంది. ఆనంద్ పెళ్లి సిక్కులదని చెప్పిన ఆ చట్టం, సిక్కు అంటే ఎవరో ఎక్కడా నిర్వచించలేదు. స్వాతంత్ర్యం తరువాత రాజ్యాంగం 25వ అధికరణ వివరణలో ఆలయ ప్రవేశ సంస్కరణల సందర్భానికి ‘హిందువులు’ అన్న మాటలో సిక్కులను కలిపింది, అదే అధికరణలో కృపాణ ధారణను సిక్కు మతంలో భాగంగా గుర్తించింది. రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్నాయి. 1955 హిందూ వివాహ చట్టం సిక్కులకూ వర్తించింది.

ఆ ఖాళీని నింపే ప్రయత్నం 1925లో గురుద్వారాల చట్టం చేసింది. మహంతుల చేతుల నుంచి గురుద్వారాలను ఎన్నికైన కమిటీకి అప్పగించిన ఆ చట్టంలో, ఒక వ్యక్తి సిక్కా కాదా అన్న సందేహం వస్తే చేయించవలసిన ప్రమాణం ఉంది: నేను సిక్కును, గురుగ్రంథ్ సాహిబ్‌ను నమ్ముతాను, పది మంది గురువులను నమ్ముతాను, నాకు వేరే మతం లేదు. మొదటి మూడు మాటలు ఖేమ్ సింగ్ బేదీ కూడా సంకోచం లేకుండా పలికేవాడు. సింగ్ సభల యాభై ఏళ్ల పోరు నాలుగో మాట కోసం.